రెండో రెస్టారెంటా, క్లౌడ్ కిచెనా: భాగస్వామికి ఉత్తరం రాయడం ఎలా

మా రెస్టారెంటు ఆరేళ్లలో నిలదొక్కుకుంది. ఊళ్లోనే ఇంకో పేటలో రెండోది తెరుద్దామని నా భాగస్వామి స్థలం కూడా చూసి పెట్టారు. నాకేమో అక్కడ ముందు క్లౌడ్ కిచెన్ పెడితే మంచిదనిపించింది. అంటే టేబుళ్లు, సర్వర్లు లేకుండా డెలివరీ కోసమే వండే వంటగది అన్నమాట. ఈ సంగతి రెండుసార్లు నోటితో చెప్పి చూశాను. రెండుసార్లూ మాట పక్కదారి పట్టింది. ఆయన "జనం మన బోర్డు చూడాలి కదా" అనేవారు, నేను "అద్దె చూశారా" అనేవాణ్ని. ఇద్దరం చెప్పేదీ నిజమే. కానీ ఆ రెండు నిజాలనూ పక్కపక్కన పెట్టి తూచే కొలత మా దగ్గర లేదు.

చివరికి ఉత్తరం రాశాను. అది రాయడానికి ఆరు వారాలు పట్టింది. రాసింది రెండు రోజులే, మిగతా కాలమంతా లెక్కలు పోగుచేయడంతో సరిపోయింది. ఆ పనిని ఏ వరుసలో చేశానో, ఉత్తరంలో ఏ మాట ఎక్కడ పెట్టానో, ఎక్కడ తప్పటడుగు వేయబోయానో కింద చెబుతున్నాను. అంకెలు మా రెస్టారెంటువి. మీ అంకెలు వేరుగా ఉంటాయి కాబట్టి వాటిని కాకుండా పద్ధతిని తీసుకోండి.

ముందు కొలత ఒక్కటి చేసుకోండి

ఉత్తరంలో డబ్బును డబ్బుగా రాయలేదు, "బిల్లుల్లో" రాశాను. మా సగటు డెలివరీ ఆర్డరు విలువ ఒక బిల్లు. దాన్ని 100 పాళ్లుగా విడగొట్టాను. అద్దె నెలకు 90 బిల్లులంటే, 90 ఆర్డర్లకు వచ్చే మొత్తం సొమ్ముతో సమానమైన అద్దె అని అర్థం. కూర్చుని తినేవాళ్ల టేబుల్ బిల్లు మా దగ్గర డెలివరీ బిల్లుకు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. దాన్నీ ఇదే కొలతలోకి మార్చాను.

ఇలా రాస్తే ఒక మేలుంది. పెద్ద అంకె కనబడితే మనిషి భయపడతాడు, లేదా మురిసిపోతాడు. "ఈ గోడలకు 14,400 బిల్లులు పెడుతున్నాం" అంటే మాత్రం అన్ని ఆర్డర్లు వండటమంటే ఏమిటో వంటగదిలో నిలబడ్డవాళ్లిద్దరికీ ఒకేలా అర్థమవుతుంది.

మొదటి అడుగు: ఒక్క ఆర్డరులో చేతికి మిగిలేది ఎంత?

ఉత్తరానికి ఆయువుపట్టు ఇదే. దీన్ని అంచనాతో రాస్తే ఆ తర్వాత రాసినదంతా గాలిమేడే. డెలివరీ యాప్ మనకు డబ్బు జమచేసినప్పుడల్లా ఒక స్టేట్‌మెంట్ పంపుతుంది. గత మూడు నెలల స్టేట్‌మెంట్లు తీసి వరుస వరుసా చదవండి. నేను మూడు నెలలవీ తీశాకే, కమిషన్‌గా నేను అనుకుంటున్నది అసలు కోతలో ఒక ముక్క మాత్రమేనని తెలిసింది. మెనూ ధర 100 అయితే మా దగ్గర పోయేది ఇలా ఉంది:

- మేం భరించే డిస్కౌంటు 8
- యాప్ కమిషన్ 22
- చెల్లింపుల రుసుము 2
- యాప్‌లో పైన కనబడటానికి కట్టే ప్రకటన ఖర్చు 4
- ముడిసరుకు 30
- ప్యాకింగ్ 5
- వాపసులు, మళ్లీ వండి పంపినవి 2

మొత్తం 73 పోయి 27 మిగిలింది. కమిషన్ మీద పన్ను పడే చోట, అది మీకు తిరిగి వస్తుందో లేదో లెక్కలు చూసేవారిని అడిగి, రాకపోతే ఇంకో వరుస చేర్చండి.

ఇందులో రెండు వరుసల దగ్గర ఆగి చూడాలి. మొదటిది ముడిసరుకు. వంటకాల చీటీల ప్రకారం మాకు 26 రావాలి. కానీ నెల మొదట్లో ఉన్న సరుకుకు ఆ నెల కొన్నది కలిపి, నెలాఖరున మిగిలింది తీసేసి, దాన్ని అమ్మకంతో భాగిస్తే 30 వచ్చింది. మధ్యలో ఉన్న 4 పాళ్లూ వృథా, చేతివాటం, సిబ్బంది భోజనం. ఉత్తరంలో పెట్టాల్సింది 30నే. చీటీల లెక్క వంటగదిలో జరగాల్సిన దాన్ని చెబుతుంది, సరుకు లెక్క జరిగినదాన్ని చెబుతుంది.

రెండోది డిస్కౌంటుకీ కమిషన్‌కీ ఉన్న ముడి. కమిషన్‌ను డిస్కౌంటుకు ముందు ధర మీద పట్టుకుంటారా, తర్వాతి ధర మీదా అన్నది ఒప్పందంలో చదవాలి. మా ఒప్పందంలో ముందు ధర మీదే ఉంది. అంటే మాకు 92 వస్తున్నా 100 మీద 22 కడుతున్నాం. తర్వాతి ధర మీద అయి ఉంటే దాదాపు 2 పాళ్లు మిగిలేవి. 27 మిగిలే చోట 2 అంటే చిన్న సంగతి కాదు.

ఇదే పనిని కూర్చుని తినేవారి బిల్లుకూ చేయండి. మా దగ్గర ముడిసరుకు 32, కార్డు రుసుము 2, నాప్కిన్లు, కడిగే సామగ్రి వంటివి 2 కలిపి 36 పోతాయి, 64 మిగులుతుంది.

ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూసినప్పుడు నా వాదన చచ్చిపోయిందనే అనుకున్నాను. అక్కడ 64, ఇక్కడ 27. వీటిని ఉత్తరం చివర్లో ఎక్కడో దాచేద్దామనే ఆలోచన కూడా వచ్చింది. ఆ పని మీరు చేయకండి. భాగస్వామి ఎలాగూ ఈ ప్రశ్న వేస్తారు. ఆయన వేలు పెట్టి చూపించేలోపు మనమే చెప్పాలి. నా ఉత్తరం మొదటి పేరాలోనే ఇలా రాశాను:

> "ఒక్క బిల్లును చూస్తే మీ మాటే నిజం. కూర్చుని తినే బిల్లులో మనకు 64 మిగిలితే డెలివరీలో 27 మిగులుతోంది, సగం కూడా కాదు. అయినా ఆ పేటలో ముందు క్లౌడ్ కిచెన్ పెడదామని ఎందుకు అంటున్నానో మిగతా ఉత్తరంలో చెబుతాను. చదివాక కూడా మీకు ఒప్పుదల కాకపోతే, ఏ అంకె దగ్గర ఒప్పుకోలేకపోయారో చెప్పండి. అక్కడి నుంచే మాట్లాడుకుందాం."

రెండో అడుగు: కదలని ఖర్చులు, గిట్టుబాటు గీత

ఒక్క ఆర్డరు వచ్చినా, వంద వచ్చినా నెలనెలా కట్టక తప్పనివి కదలని ఖర్చులు. ఆయన చూసిన స్థలంలో డైన్-ఇన్, అంటే కూర్చుని తినే రెస్టారెంటు పెడితే 16 టేబుళ్లు పడతాయి. ఆ లెక్క ఇలా వచ్చింది: అద్దె 420 బిల్లులు, సిబ్బంది 1,150, కరెంటు, గ్యాస్, నీళ్లు 200, మరమ్మతులు, శుభ్రత, లైసెన్సులు 120. పెట్టుబడి 14,400 బిల్లులు ఐదేళ్లలో తిరిగి రావాలనుకుంటే నెలకు 240. మొత్తం 2,130.

అదే పేటలో లోపలి వీధిలో క్లౌడ్ కిచెన్‌కు అద్దె 90, ఏడుగురు సిబ్బందికి 330, కరెంటు, గ్యాస్ 90, మిగతావి 40. పెట్టుబడి 2,160 మూడేళ్లలో రావాలంటే నెలకు 60. మొత్తం 610.

కదలని ఖర్చును, ఒక్క బిల్లులో మిగిలే వాటాతో భాగిస్తే గిట్టుబాటు గీత వస్తుంది.

```
డైన్-ఇన్:      2130 / 0.64 = 3328 (నెలకు)  → రోజుకు 111
క్లౌడ్ కిచెన్:   610 / 0.27 = 2259 (నెలకు)  → రోజుకు 76
```

రోజుకు 111 అంటే పైకి ఏమీ తెలియదు, కాబట్టి దాన్ని టేబుళ్లలోకి మార్చాలి. టేబుల్ బిల్లు ఒకటిన్నర రెట్లు కాబట్టి రోజుకు 74 టేబుళ్లు కూర్చోవాలి. 16 టేబుళ్లున్నాయంటే ప్రతి టేబులూ వారంలో ఏడు రోజులూ రోజుకు 4.6 సార్లు నిండాలి. ఆరేళ్ల పేరున్న మా మొదటి రెస్టారెంటులో సెలవు రోజులు, పని రోజులు కలిపి చూస్తే సగటు 3.4. కొత్త చోట లాభం మాట అటుంచి, నష్టం లేకుండా బయటపడటానికే పాతదాన్ని మించి నడవాలన్నమాట. ఉత్తరంలో ఈ వాక్యానికి విడిగా ఒక పేరా ఇచ్చాను. భాగస్వామి పెన్సిలుతో గీత గీసింది కూడా దీని కిందే.

స్థలాన్ని బట్టి ఈ లెక్క తిరగబడవచ్చు. అద్దె తక్కువై, పాత రెస్టారెంటు సామాను, గొట్టాలు, ఎగ్జాస్ట్ అలాగే ఉన్న స్థలం దొరికితే పెట్టుబడి సగానికి పడుతుంది. అప్పుడు డైన్-ఇన్నే మేలనిపించవచ్చు. అందుకే మీ ఉత్తరం "డైన్-ఇన్ కంటే క్లౌడ్ కిచెన్ మంచిది" అని కాకుండా "ఈ స్థలం, ఈ అద్దె అయితే" అని మాట్లాడాలి.

మూడో అడుగు: మన ఆర్డర్లను మనమే తినేస్తున్నామా?

నేను తప్పు చేయబోయింది ఇక్కడే. రోజుకు 76 ఆర్డర్లు వస్తే గట్టెక్కినట్టేనని మొదటి ప్రతిలో రాశాను. తర్వాత పాత కిచెన్ నుంచి వెళ్లే డెలివరీలను చిరునామాల వారీగా విడదీసి చూస్తే, కొత్త పేటకు రోజుకు 20 ఇప్పటికే వెళుతున్నాయని తేలింది. కొత్త కిచెన్ తెరిచాక ఆ 20 అక్కడికి మారతాయి. కొత్త కిచెన్ పుస్తకంలో అవి ఆదాయంగా కనబడతాయి. పాత కిచెన్ పుస్తకంలో మాత్రం అంతే మిగులు పడిపోతుంది. మా ఇద్దరి జేబుకు వాటివల్ల చేరేదేమీ లేదు.

అంటే 76 ఆర్డర్లూ కొత్తవై ఉండాలి. మారినవాటితో కలిపితే కొత్త కిచెన్ నుంచి రోజుకు 96 బయటికి వెళ్లాలి. గిట్టుబాటు గీత 76 కాదు, 96. ఉత్తరంలో పాత అంకె కొట్టేసి ఇదే రాశాను, ఎందుకు మారిందో కూడా చెప్పాను.

మీ దగ్గర ఈ అంకె పట్టుకోవాలంటే కనీసం నాలుగు వారాల ఆర్డర్ల చిరునామాలు చూడండి. యాప్ పూర్తి చిరునామా చూపించకపోతే, పేట పేరో, పిన్ సంఖ్యో, రైడరు వెళ్లిన దూరమో సరిపోతుంది.

నాలుగో అడుగు: గిరాకీని మన కిచెన్ నుంచే పరీక్షించడం

కొత్త చోట ఒక్క ఇటుకా పెట్టకముందే పాత కిచెన్ నుంచి ఆ పేటకు 28 రోజులు పరీక్ష పెట్టాను. డెలివరీ పరిధిని ఆ పేట అంతా వచ్చేలా పెంచి, దూరం తట్టుకునే 12 వంటకాలతో చిన్న మెనూ పెట్టాను. మొదటి 14 రోజులు డిస్కౌంటు లేదు, తర్వాతి 14 రోజులు 8 శాతం ఇచ్చాం. ఈ రెండు భాగాలూ విడివిడిగా చూడటం ముఖ్యం. డిస్కౌంటుతో మొదలుపెడితే వచ్చింది ఆకలో, ఆఫరో తెలియదు.

రోజుకు 20 ఉన్నది 31 అయింది. చివరి వారంలో ప్రతి పది ఆర్డర్లలో నాలుగు ముందు ఒకసారి తెప్పించుకున్నవారివే. నాకు ధైర్యమిచ్చింది 31 కన్నా ఈ నాలుగే. తిరిగి వచ్చేవారు లేకపోతే ప్రతి ఆర్డరునూ ప్రకటనతోనో డిస్కౌంటుతోనో కొనుక్కోవాల్సి వస్తుంది, 27 కాస్తా కరిగిపోతుంది.

అయినా 31కీ 96కీ చాలా దూరం. దీన్ని ఎలా పూడ్చి రాయాలన్నది నాకు బాగా కష్టమైంది. మా కిచెన్ హాలు నిండిన వేళల్లో యాప్‌ను ఆపేస్తుంది. రోజుకు తొమ్మిది గంటల్లో నాలుగు గంటలు అలా ఆపేవాళ్లం, అవీ భోజనాల వేళలే. యాప్ నడిచిన ఐదు గంటల్లోనే 31 వచ్చాయి. ఆ వేగంతో తొమ్మిది గంటలకు లెక్కేస్తే 55 దాకా చేరుతుంది. దూరం తగ్గితే ఇంకొన్ని పెరగవచ్చు, ఎన్నో చెప్పలేం. కాబట్టి ఉత్తరంలో ఉన్నదున్నట్టు రాశాను:

> "రోజుకు 55 వస్తాయనడానికి మన దగ్గర ఆధారం ఉంది. 96 వస్తాయనడానికి లేదు. మధ్యలో ఉన్న 41 ఆర్డర్లే ఈ ప్రతిపాదనలోని జూదం. డైన్-ఇన్‌లోనూ జూదం ఉంది, రోజుకు 74 టేబుళ్లు నిండుతాయని. కాకపోతే దాన్ని 28 రోజులు పరీక్షించి చూసే దారి మనకు లేదు."

ఐదో అడుగు: ఏ వంటకం దారి తట్టుకుంటుంది?

ఇది వంటవాళ్లతో కలిసి ఒక మధ్యాహ్నం కూర్చుని చేసే పని. మెనూలోని ప్రతి వంటకాన్నీ మామూలుగా వండి, పంపే డబ్బాలోనే ప్యాక్ చేసి, సంచిలో పెట్టి 35 నిమిషాలు వదిలేయండి. తర్వాత తెరిచి థర్మామీటరు గుచ్చండి, రుచి చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వండిన ఆహారాన్ని వడ్డించేదాకా 60 డిగ్రీల సెల్సియస్ పైన ఉంచమంటుంది. చల్లగా ఉండాల్సినవి 5 డిగ్రీల లోపు ఉండాలి. వండినది గది వేడిమిలో రెండు గంటలు దాటి ఉండకూడదు. డెలివరీలో మొదటి గీత కిందికి పోకుండా చూసుకోగలిగితే మిగతావి చూసుకోవడం సులువు.

మా పరీక్షలో లోతైన డబ్బాలో పెట్టినవి 60 పైనే నిలిచాయి. వెడల్పాటి, లోతులేని డబ్బాలో పెట్టినవి 51కి పడిపోయాయి. వంటకం అదే, తేడా అంతా డబ్బాదే. కరకరలాడాల్సినవి మరో రకంగా చెడ్డాయి. మూత బిగిస్తే ఆవిరి లోపలే నీరై మెత్తబడ్డాయి, మూతకు చిల్లులుంటే కరకర నిలిచింది కానీ త్వరగా చల్లారాయి. ఈ రెండూ ఒకేసారి కుదరని వంటకాలు 40లో 17 తేలాయి. వాటిని క్లౌడ్ కిచెన్ మెనూలోకి తీసుకోలేదు. అందులో మా పేరు మోసిన వంటకం ఒకటి ఉంది. బాధనిపించింది. కానీ మెత్తబడి చేరితే ఆ పేటలో అది మా పేరును నిలబెట్టదు, పడగొడుతుంది.

ఇదే పూట రద్దీ వేళ లెక్కా వేసుకోండి. మా దగ్గర రోజు ఆర్డర్లలో 40 శాతం రాత్రి రెండు గంటల్లోనే వస్తాయి. 96లో అది 38. అంటే మూడు నిమిషాలకు ఒక ఆర్డరు ప్యాకై బల్ల మీదికి రావాలి. మా వంటవాళ్లు పొయ్యి దగ్గర ఆ వేగం అందుకున్నారు, ఆగిపోయింది ప్యాకింగ్ బల్ల దగ్గర. ఒకే మనిషి మూత పెట్టడం, చీటీ అంటించడం, సంచిలో సర్దడం చేస్తుంటే నాలుగున్నర నిమిషాలు పట్టింది. అందుకే ఏడుగురిలో ఇద్దరిని ప్యాకింగ్‌కే పెట్టాను.

ఆరో అడుగు: నష్టాన్ని ముందే కొలిచి చూపించండి

క్లౌడ్ కిచెన్ వైపు వాదించేవాళ్లు సాధారణంగా లాభం చూపిస్తారు. నా లెక్కలో అది బలమైన వాదన కాదు. రెండూ బాగా నడిస్తే డైన్-ఇన్నే ఎక్కువ సంపాదిస్తుంది. రోజుకు 150 బిల్లులు నడిస్తే అది నెలకు 750 మిగులుస్తుంది. క్లౌడ్ కిచెన్ రోజుకు 130 నడిచినా, పాత కిచెన్ నుంచి మారినవి తీసేస్తే మిగిలేది 281. పెట్టుబడితో పోలిస్తే 2,160కి 281 అన్నది, 14,400కి 750 కన్నా ఎంతో మెరుగు. అయినా భాగస్వామి ఇంటికి తీసుకెళ్లేది శాతాలను కాదు, అది నేను మరచిపోలేదు.

నా వాదనంతా వ్యాపారం చెడిన రోజు గురించి. రెండింటికీ ఆరు నెలలు గడువు ఇచ్చి, ఆపేస్తే ఎంత పోతుందో లెక్కేశాను. క్లౌడ్ కిచెన్‌లో రోజుకు 50 దగ్గరే ఆగిపోయామనుకుందాం. అందులో 20 మారినవే కాబట్టి కొత్తవి 30. పెట్టుబడి వాటా 60 పక్కన పెడితే నెలకు చేతి నుంచి పోయేది 307, ఆరు నెలలకు 1,842. పెట్టుబడిలో పొయ్యిలు, ఫ్రిజ్‌లు, బల్లలు అమ్మగా సగం వచ్చినా 1,080 పోతుంది. మొత్తం సుమారు 2,900 బిల్లులు.

డైన్-ఇన్ గిట్టుబాటు గీతలో మూడింట రెండు వంతుల దాకా నడిచిందనుకుందాం. నా ప్రతిపాదన కన్నా దీనికి ఎక్కువ దయ చూపిస్తున్నాను. ఆరు నెలలకు చేతి నుంచి 2,820 పోతుంది. పెట్టుబడిలో నేల, పైకప్పు, గోడలు, దీపాలు వెనక్కి రావు. పావువంతు వచ్చిందనుకున్నా 10,800 పోతుంది. మొత్తం సుమారు 13,600. అద్దె ఒప్పందంలో మధ్యలో ఖాళీ చేయకూడదనే కాలం ఉంటే ఆ అద్దె వేరు. మా మొదటి రెస్టారెంటు మిగులుతో 2,900ను ఒక ఏడాదిలో పూడ్చుకోగలం. 13,600 పోతే మొదటిదాన్నీ తాకట్టు పెట్టాల్సి వస్తుంది. నేను ఉత్తరం రాయడానికి అసలు కారణం ఈ ఒక్క వాక్యమే, అక్కడ అలాగే రాశాను.

దీని పక్కనే మిగులును ఏది తినేస్తుందో కూడా రాయాలి. కమిషన్ 3 పాళ్లు పెరిగితే 27 కాస్తా 24 అవుతుంది, కొత్త ఆర్డర్లు 76కి బదులు 85 కావాలి. డిస్కౌంటు 8 నుంచి 15కి జారితే మిగిలేది 20, కావలసినవి 102. కమిషన్ పెరిగితే మనకు కబురు వస్తుంది. డిస్కౌంటు మాత్రం "ఈ వారానికే" అంటూ మన చేత్తోనే పెరుగుతుంది. ఆర్డర్లు పెరుగుతూ బ్యాంకులో డబ్బు పెరగకపోతే ముందు చూడాల్సిన వరుస అదే.

పెద్ద సంస్థలకూ ఈ లెక్క తప్పింది. అమెరికా బర్గర్ రెస్టారెంట్ల సంస్థ వెండీస్ 2021లో రీఫ్ అనే సంస్థతో కలిసి 2025 నాటికి 700 డెలివరీ కిచెన్లు తెరుస్తామని ప్రకటించి, తర్వాత ఆ సంఖ్యను బాగా తగ్గించుకుంది. భాగస్వామి దీన్ని ఎక్కడైనా చదివి ఉంటారు కాబట్టి నేనే ఉత్తరంలో పెట్టి, మేం తెరిచేది ఒక్కటేనని, అదీ ఇప్పటికే మా వంట తెప్పించుకుంటున్న పేటలోనని రాశాను.

ఏడో అడుగు: ఆపే గీతలు, అడిగేది ఏమిటో

ఉత్తరం చివర "ఆలోచించండి" అని వదిలేస్తే ఆలోచిస్తూనే ఉంటారు. ఏ నిర్ణయం కావాలో, ఎప్పటిలోగానో రాయండి. అంతకన్నా ముందు, ఎప్పుడు ఆపేస్తామో రాయండి. నష్టం వస్తున్నప్పుడు కూర్చుని ఆపే గీత గీయలేం, ఆశ అడ్డొస్తుంది. నేను రాసింది ఇది:

> "మూడో నెల చివరి నాలుగు వారాల సగటు రోజుకు 50 లోపు ఉంటే మూసేద్దాం. ఆరో నెలలో 80 లోపు ఉన్నా మూసేద్దాం. నష్టం పూడ్చడానికి 1,900 బిల్లుల సొమ్ము విడి ఖాతాలో వేద్దాం. అది అయిపోయిన రోజు, తేదీ ఏదైనా, ఆపేద్దాం. మొదటి రెస్టారెంటు ఖాతా ముట్టుకోవద్దు. రోజుకు 120 వరుసగా మూడు నెలలు దాటితే మీరు చూసిన స్థలం లాంటిదే అదే పేటలో వెతుకుదాం. అప్పుడు మన పేరు తెలిసిన ఇళ్లు ఎక్కడున్నాయో మనకు తెలుస్తుంది. ఈ నెలాఖరులోగా మీ మాట చెప్పండి. అప్పటిదాకా ఆ స్థలానికి అడ్వాన్సు ఇవ్వవద్దని నా మనవి."

అద్దె ఒప్పందం కూడా ఈ గీతలకు తగ్గట్టుండాలి. ఆరో నెలలో మూసేస్తామని రాసి, రెండేళ్లు ఖాళీ చేయకూడదనే కాగితం మీద సంతకం పెడితే ఆ గీతలకు అర్థం లేదు. ఎగ్జాస్ట్ గొట్టం పైకప్పు దాకా తీసుకెళ్లడానికి ఇంటివారి అనుమతి, వంటగదికి సరిపడే కరెంటు లోడు, జిడ్డు నీళ్లు వడకట్టే తొట్టి పెట్టే చోటు, రైడర్లు బళ్లు ఆపుకునే జాగా ఈ నాలుగూ సంతకానికి ముందే చూసుకోండి. పొగ, బళ్ల గురించి చుట్టుపక్కల ఇళ్లవాళ్లు గొడవపడితే మంచి అంకెలున్న కిచెన్ కూడా మూతపడుతుంది.

ఉత్తరం చేతికి ఇచ్చాక

లెక్కల కాగితాలు, యాప్ స్టేట్‌మెంట్లు, పరీక్ష రోజుల చిట్టా అన్నీ జతచేశాను. ఉత్తరం నాలుగు పేజీలే, జతచేసినవి ముప్పై. ఫోన్లో పంపకుండా చేతికిచ్చి, వారం దాకా ఆ మాట ఎత్తలేదు. మొదట అన్న "జనం మన బోర్డు చూడాలి కదా" అనే మాటకు కూడా ఉత్తరంలో జవాబు ఉంచాను. అది నిజమేననీ, యాప్‌లో కస్టమరు వివరాలు మనకు దక్కవనీ, అందుకే ప్రతి సంచిలో మన ఫోన్ నంబరున్న చీటీ వేసి నేరుగా తెప్పించుకునేవారిని కూడగట్టాలనీ రాశాను. అలాంటి చీటీ వేయడానికి యాప్ ఒప్పందం ఒప్పుకుంటుందో లేదో చదివాకే వేయాలి.

ఎనిమిదో రోజు ఆయన ఆ నాలుగు పేజీలతోనే వచ్చారు. అంచుల నిండా పెన్సిలు రాతలున్నాయి. టేబుళ్లు 4.6 సార్లు నిండాలన్న లెక్కను తనే మళ్లీ వేసి చూసుకున్నారు, అదే వచ్చింది. ముడిసరుకు 30ని ఒప్పుకోలేదు, కొత్త వంటవాళ్లతో మొదటి మూడు నెలలు 33 ఉంటుందన్నారు. ఆయన మాటే సబబు, మిగులును 24గా దిద్దాను. ఆపే గీతల కింద రెండు వరుసలు చేర్చారు. మనం భరించే డిస్కౌంటు 10 దాటాలంటే ఇద్దరం సంతకం పెట్టాలని ఒకటి. ఇంకోటి ఇది: "మూడో నెల లెక్క మీరు వేయకండి, నేను వేస్తాను." కింద సంతకం పెట్టి, ఆ స్థలం వాళ్లకు ఫోన్ చేసి ఇప్పుడప్పుడే వద్దని చెప్పారు.